0.45 పెద్దదా, 0.6 పెద్దదా: ఒక్క పీరియడ్ పాఠ్యప్రణాళికను విప్పి చూస్తే

కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని బీఈడీ కళాశాలల నుంచి ఛాత్రోపాధ్యాయులు ఇంటర్న్‌షిప్‌కు హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్ వైపు ఉన్నత పాఠశాలలకు వచ్చినప్పుడు మొదటి వారంలోనే ఒక చిక్కులో పడతారు. కళాశాల రికార్డులో రాయమన్న పాఠ్యప్రణాళిక ఒక తీరుగా ఉంటుంది. బడిలో గైడ్ టీచర్ రాసుకునే పీరియడ్ ప్లాన్ మరో తీరుగా ఉంటుంది. తీరా తరగతి గదిలో జరిగేది ఆ రెండింటిలోనూ కనిపించదు. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి నిబంధనలు బీఈడీని రెండేళ్ల కోర్సుగా మార్చి, బడులలో గడపాల్సిన కాలాన్ని 20 వారాలకు పెంచాయి. అందులో 16 వారాలు రెండో ఏడాది ఇంటర్న్‌షిప్‌కే పోతాయి కనుక, ఈ చిక్కు ఒకటి రెండు పాఠాలతో తీరిపోయేది కాదు.

నేను గణితం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. గైడ్ టీచర్‌గా చాలా రికార్డులపై సంతకం చేశాను. వాటిలో ఎక్కువగా కనిపించిన లోపం భాషలోనో, అక్షరాలలోనో, బొమ్మలలోనో లేదు. లక్ష్యం ఒకటి చెబుతుంది, కృత్యం మరొకటి చేయిస్తుంది, చివరి ప్రశ్నలు ఈ రెండింటితో సంబంధం లేని మూడో దాన్ని అడుగుతాయి. ఆ మూడూ ఒకే దారంలో ఎలా పడతాయో, ఎక్కడ తెగిపోతాయో ఆరో తరగతి గణితంలోని ఒకే ఒక్క పీరియడ్‌ను తీసుకుని ఇక్కడ చూద్దాం. ఆ పీరియడ్ దశాంశ భిన్నాలను పోల్చడం గురించి.

## లక్ష్యం, స్పష్టీకరణ, విద్యా ప్రమాణం: ఏది దేనికి

ముందుగా మూడు మాటలను విడదీసుకోవాలి. బోధనాభ్యసన పుస్తకాలలో లక్ష్యం అంటే పాఠం వల్ల విద్యార్థిలో రావలసిన మార్పు. బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో ప్రకటించిన వర్గీకరణ ఆధారంగా మన రికార్డులలో జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అని నాలుగు లక్ష్యాలు రాయడం అలవాటైంది. ఆ మార్పు వచ్చిందని బయటికి కనిపించే పనిని స్పష్టీకరణ అంటారు. "పోలుస్తాడు", "ఉదాహరణ ఇస్తాడు", "కారణం చెబుతాడు" అన్నవి స్పష్టీకరణలు. అవగాహన కంటికి కనిపించదు, పోల్చడం కనిపిస్తుంది. రెండు మాటలు వేరుగా ఉండటానికి కారణం అదే.

విద్యా ప్రమాణాలు బడి వైపు నుంచి వచ్చిన మాట. తెలంగాణ గణితంలో అవి ఐదు: సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపించడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం–దృశ్యీకరణ. గైడ్ టీచర్ పీరియడ్ ప్లాన్‌లో కనిపించేవి ఇవే, నిర్మాణాత్మక మూల్యాంకనంలో మార్కులు పడేదీ వీటి మీదే. ఛాత్రోపాధ్యాయుడు ఒకే పాఠానికి కళాశాల కోసం నాలుగు లక్ష్యాలు, బడి కోసం ఐదు ప్రమాణాలు రాయడం మొదలుపెట్టగానే కాగితం నిండిపోతుంది, పీరియడ్ మాత్రం పెరగదు.

అన్ని గడులూ నింపాలన్న కళాశాల పట్టుదలకు కారణం లేకపోలేదు. జ్ఞానానికి, వినియోగానికి తేడా రాసి రాసి తెలుసుకోవలసిందే, ఆ సాధన ఇంటర్న్‌షిప్‌లో జరగకపోతే తర్వాత జరిగే అవకాశం తక్కువ అన్నది అధ్యాపకుల వాదన. 45 నిమిషాలలో తొమ్మిది గమ్యాలు చేరడం ఎవరి వల్లా కాదు, ఒక్కదాన్ని గట్టిగా చేరితే చాలన్నది బడి ఉపాధ్యాయుల వాదన. ఈ రెండు వాదనలు నిజానికి ఢీకొనవు. తొమ్మిది గడులూ యూనిట్ మొత్తానికి సరిపోతాయి. ఒక పీరియడ్‌కు అందులో ఒకటో రెండో గడులు నిజంగా పనిచేస్తాయి. యూనిట్ ప్లాన్‌లో ఉండవలసిన విస్తీర్ణాన్ని పీరియడ్‌లోకి దించినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

ఇప్పుడు మన పాఠానికి రెండు వాక్యాలు చూడండి. "విద్యార్థులు దశాంశ భిన్నాల గురించి తెలుసుకుంటారు" అన్నది మొదటిది. ఇది రాసిన వారు తరగతిలో ఏం చేసినా ఈ వాక్యం నిజమైపోతుంది, అందుకే దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. రెండోది ఇలా ఉంటుంది: "ఒకదానిలో ఒకటి, మరొకదానిలో రెండు దశాంశ స్థానాలున్న రెండు సంఖ్యలు ఇచ్చినప్పుడు, ఏది పెద్దదో గుర్తించి, పదో వంతులు, వందో వంతుల ఆధారంగా కారణం చెబుతారు." ఈ వాక్యంలో ఏ సంఖ్యలు ఇవ్వాలో ఉంది, పిల్లవాడు ఏం చేయాలో ఉంది, ఏ కారణం చెబితే ఒప్పుకోవాలో కూడా ఉంది. స్థానాల సంఖ్య సమానంగా లేని జతలు అన్న షరతు ఎందుకు పెట్టామన్నది తర్వాతి విషయం. పాఠం మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

## పిల్లలు ఎక్కడ, ఎందుకు పొరబడతారు

0.45, 0.6లలో ఏది పెద్దదని అడిగితే ఆరో తరగతిలో చాలామంది 0.45 అంటారు. నిర్లక్ష్యం వల్ల అలా అనరు. ఐదో తరగతి దాకా వాళ్లు నేర్చుకున్న సంఖ్యలన్నింటిలో అంకెలు ఎక్కువ ఉన్నదే పెద్దది. 45 ఎప్పుడూ 6 కంటే పెద్దదే. బిందువు తర్వాతి భాగాన్ని వాళ్లు మరో పూర్ణసంఖ్యగా చదువుతున్నారు. మనం మాట్లాడే తీరు కూడా ఈ పొరపాటుకు నీళ్లు పోస్తుంది. ఇంట్లో, బజారులో, చివరికి బడిలో కూడా దాన్ని "జీరో పాయింట్ నలభై ఐదు" అంటాం. నలభై ఐదు అన్న మాట చెవిన పడ్డాక అది ఆరు కంటే చిన్నదని నమ్మడం పిల్లవాడికి కష్టమే.

చుట్టూ ఉన్న లోకం కూడా సాయం చేయదు. అన్న ఎత్తు అయిదు పాయింట్ పదకొండు, తమ్ముడి ఎత్తు అయిదు పాయింట్ ఆరు అంటారు, అన్నే పొడుగు. ఎందుకంటే అక్కడ బిందువు తర్వాత ఉన్నవి అంగుళాలు, అడుగుకు పన్నెండు. క్రికెట్‌లో 19.5 ఓవర్ల తర్వాత ఒక్క బంతి వేస్తే 20 ఓవర్లు, ఎందుకంటే అక్కడ ఓవర్‌కు ఆరు. పాఠ్యపుస్తకంలో 7.9 విభాగం తర్వాత 7.10 వస్తుంది. ఈ మూడింటిలోనూ బిందువు ఉంది కాని దశాంశ భిన్నం లేదు, పైగా మూడూ "బిందువు తర్వాతది వేరే సంఖ్య" అన్న పొరపాటునే బలపరుస్తాయి. నిత్యజీవిత అనుసంధానం పేరుతో రికార్డులలో ఓవర్ల ఉదాహరణ రాయడం నేను చాలాసార్లు చూశాను. పిల్లలకు ఇష్టమైన ఉదాహరణే, ఈ పాఠానికి మాత్రం ఎదురు తిరుగుతుంది.

రెండో రకం పొరపాటు తక్కువగా కనిపిస్తుంది గాని మరింత ఆసక్తికరమైనది. కొందరు 0.4, 0.73లలో 0.4 పెద్దదంటారు. అంతకు ముందే భిన్నాల పాఠంలో హారం పెరిగితే ముక్క చిన్నదవుతుందని నేర్చుకున్నారు. వందో వంతు పదో వంతు కంటే చిన్నది, కనుక వందో వంతులున్న సంఖ్య ఏదైనా పదో వంతులే ఉన్న సంఖ్య కంటే చిన్నదే అన్నది వాళ్ల తర్కం. ముక్క ఎంత చిన్నదో చూశారు, ఎన్ని ముక్కలున్నాయో చూడలేదు. నిన్నటి పాఠం బాగా విన్న పిల్లలే ఇందులో పడతారు కనుక వాళ్లను మందలించడం అన్యాయం.

## చివరి ప్రశ్నను మొదట రాయడం

రికార్డులో మూల్యాంకనం చివరి గడి, అందుకే చాలామంది దాన్ని చివరనే, నిద్రపట్టే వేళకు రాస్తారు. ప్రణాళిక తయారయ్యే క్రమం మాత్రం దీనికి తలకిందులు. లక్ష్యం రాసిన వెంటనే, అది నెరవేరిందని ఏ జవాబు చూసి ఒప్పుకుంటామో నిర్ణయించుకోవాలి. ఆ తర్వాతే కృత్యం ఏదో తేలుతుంది.

రికార్డులో తరచూ కనిపించే ప్రశ్న ఇది: "0.35, 0.72లలో ఏది పెద్దది?" తరగతి మొత్తం సరిగ్గా చెబుతుంది. బిందువు తర్వాతి భాగాన్ని పూర్ణసంఖ్యగా చదివే పిల్లవాడు కూడా 35 కంటే 72 పెద్దదనుకుని సరైన జవాబే ఇస్తాడు. తప్పు ఆలోచనకు కూడా ఒప్పు జవాబు వచ్చే ప్రశ్న ఏమీ కొలవదు. కిరాణా దుకాణం ఉదాహరణలోనూ ఇదే జరుగుతుంది. ఎలక్ట్రానిక్ కాటా మీద 0.600, 0.450 అని ఎప్పుడూ మూడేసి స్థానాలు కనిపిస్తాయి, రూపాయలకు పైసలు ఎప్పుడూ రెండేసి స్థానాలలో రాస్తారు. స్థానాలు సమానమైతే పూర్ణసంఖ్యల్లా పోల్చినా సరిపోతుంది, పొరపాటు బయటపడదు. లక్ష్యంలో "ఒకదానిలో ఒకటి, మరొకదానిలో రెండు" స్థానాలన్న షరతు ఇందుకే పెట్టాం.

అందువల్ల మన పాఠం చివర ఇచ్చే చీటీ మీద మూడు జతలు ఉంటాయి. మొదటిది 0.45, 0.6, రెండోది 0.4, 0.73, మూడోది 0.5, 0.50. ప్రతి జతలో పెద్ద సంఖ్య చుట్టూ సున్న చుట్టాలి, సమానమైతే మధ్యలో సమాన గుర్తు పెట్టాలి. మొదటి జత "అంకెలు ఎక్కువుంటే పెద్దది" అనుకునేవారిని పట్టిస్తుంది, కాని రెండో రకం పిల్లవాడు అందులో తప్పు దారిన సరైన జవాబుకే చేరతాడు. రెండో జత దీనికి తిరగేసి పనిచేస్తుంది. మూడో జతలో ఇద్దరూ పొరబడతారు, కాని చెరో వైపు: మొదటివారు 0.50 పెద్దదంటారు, రెండోవారు 0.5 పెద్దదంటారు.

ఈ మూడు జతలకు ఒక పరిమితి ఉంది. తరగతి మొత్తం ఏమీ తెలియకుండా గుడ్డిగా గుర్తులు పెట్టినా ప్రతి ఇరవై ఏడు మందిలో ఒకరికి మూడూ సరిపోయే అవకాశం ఉంది, అంటే 32 మందిలో సుమారు ఒకరికి. ఎప్పుడూ ఎడమ పక్క సంఖ్యకే సున్న చుట్టే పిల్లవాడూ ఉంటాడు. మొదటి రెండు జతలూ తప్పు పెట్టిన అతడు ఏ రకానికీ చెందడు. అందుకే చీటీ కింద ఒక గీత గీసి, "మొదటి జతలో నీ జవాబుకు కారణం ఒక్క వాక్యంలో రాయి, లేదా బొమ్మ గీయి" అని అడగాలి. "కారణాలు చెప్పడం" అన్న విద్యా ప్రమాణం ఈ ఒక్క గీత మీద తేలుతుంది. రికార్డులో దాని పేరు రాసినంత మాత్రాన తేలదు.

## వంద గళ్ల చదరం: కృత్యం లక్ష్యానికి పనికొచ్చేదెలా

లక్ష్యం, చీటీ తయారయ్యాక కృత్యాన్ని ఎంచుకోవడం తేలిక. పదో వంతు, వందో వంతు రెండూ ఒకేసారి కనబడే వస్తువు కావాలి. పది నిలువు వరుసలు, పది అడ్డ వరుసలుగా గీసిన చదరం అందుకు సరిగ్గా సరిపోతుంది. చదరం మొత్తం 1; ఒక నిలువు వరుస పదో వంతు; ఒక గడి వందో వంతు. 0.6 అంటే ఆరు నిలువు వరుసలు. 0.45 అంటే నాలుగు నిలువు వరుసలు, ఐదో వరుసలో ఐదు గళ్లు. పక్కపక్కన పెట్టి చూడగానే ఏది ఎక్కువ జాగా తీసుకుందో తెలుస్తుంది. అరవై గళ్లు, నలభై ఐదు గళ్లు అని లెక్కపెడితే 0.6 అన్నా 0.60 అన్నా ఒకటేనన్న విషయం దానంతట అదే బయటికొస్తుంది.

ఈ కృత్యం మూడు చోట్ల దెబ్బతింటుంది, మూడూ ముందే ఊహించగలిగినవి. మొదటిది చదరాల పరిమాణం. పిల్లలను తమ నోట్‌బుక్‌లో గీసుకోమంటే ఒక చదరం పెద్దగా, ఒకటి చిన్నగా వస్తుంది, అప్పుడు 0.45 నింపిన చదరంలోని జాగా 0.6 నింపిన జాగా కంటే ఎక్కువ కనిపించవచ్చు. "ఒకటి" అన్నది రెండు బొమ్మలలోనూ ఒకే పరిమాణంలో ఉంటేనే పోలికకు అర్థం. ఒక కాగితం మీద నాలుగు సమానమైన చదరాలు గీసి జిరాక్స్ తీయిస్తే, ఇద్దరికొకటి చొప్పున 32 మందికి 16 కాగితాలు చాలు.

రెండోది రంగులు. అరవై గళ్లు ఒక్కొక్కటీ అందంగా నింపడానికి పిల్లలు పదిహేను నిమిషాలు తీసుకుంటారు. అప్పుడది చిత్రలేఖనం పీరియడ్ అవుతుంది, గణితం మిగలదు. నిలువు వరుసకు పై నుంచి కిందికి ఒకే గీత, విడి గడికి ఒక చుక్క అని చెబితే మూడు నిమిషాలలో పూర్తవుతుంది.

మూడోది, అన్నింటికన్నా సూక్ష్మమైనది: చూశాక తెలుసుకోవడం. గళ్లు నింపాక ఎవరైనా 0.6 పెద్దదనే చెబుతారు, కళ్ల ముందు ఉంది కదా. అలా చెప్పడం వల్ల పాత ఆలోచన మారిందని కాదు. ఆ జతకు మాత్రం జవాబు మారిందని. అందుకని గళ్లు నింపక ముందే, ఏది పెద్దదో ఊహించి నోట్‌బుక్‌లో రాసుకోమనాలి. నింపాక తన రాత తనకే ఎదురుగా ఉంటుంది. "నేను 0.45 అన్నాను, కాని 0.6 ఎక్కువ గళ్లు తీసుకుంది, ఎందుకు?" అన్న ప్రశ్న పిల్లవాడి నోటి నుంచి వస్తే పాఠంలో సగం పూర్తయినట్లే. ఈ పాఠం జరుగుతున్నంతసేపు ఉపాధ్యాయుడు "సున్నా పాయింట్ నాలుగు ఐదు" అనే చదవాలి, లేదా "నాలుగు పదో వంతులు, ఐదు వందో వంతులు" అనాలి. "నలభై ఐదు" అన్న మాట గళ్లు లెక్కపెట్టినప్పుడు మాత్రమే, "నలభై ఐదు వందో వంతులు" అన్న పూర్తి రూపంలో రావాలి.

## ముందు చెప్పాలా, ముందు చేయించాలా

ఇక్కడే రెండు సంప్రదాయాలు తారసపడతాయి. జర్మన్ తత్త్వవేత్త హెర్బార్ట్ ఆలోచనలను ఆయన అనుయాయులు సోపానాలుగా తీర్చిదిద్దారు. సన్నాహం, ప్రదర్శనం, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం అన్న ఆ వరుసే ఇప్పటికీ చాలా కళాశాలల రికార్డులకు ఎముకల గూడు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత నిర్మాణవాదం ప్రాబల్యం పెరిగి, పిల్లలు ముందు అన్వేషించి తర్వాత వివరణ వినే ఐదు దశల నమూనాను కొన్ని కళాశాలలు అడుగుతున్నాయి.

ముందే నియమం చెప్పాలనే వారికి బలమైన కారణాలున్నాయి. "స్థానాలు సమానం కాకపోతే చివర సున్నాలు చేర్చి పోల్చు" అన్న ఒక్క వాక్యం ఐదు నిమిషాలలో తరగతి మొత్తాన్ని సరైన జవాబుకు చేరుస్తుంది, వెనుకబడిన పిల్లలకు అది ఆసరా, పరీక్షలో పనికొస్తుంది, ఛాత్రోపాధ్యాయుడికి తరగతి చేయి దాటిపోదు. ముందు చేయించాలనే వారు చెప్పేదీ నిజమే: ఎందుకని తెలియకుండా సున్నాలు చేర్చే పిల్లవాడు వారం తిరగకముందే 0.6కు ముందు సున్నా చేర్చి 0.06 రాస్తాడు, లేదా 12కు చివర సున్నా చేర్చినా విలువ మారదనుకుంటాడు. నియమం ఎక్కడి దాకా వర్తిస్తుందో నియమంలో రాసి ఉండదు.

నా అంచనాలో ఈ వివాదం కనిపించినంత లోతైనది కాదు. హెర్బార్ట్ సన్నాహంలో పూర్వజ్ఞానాన్ని పరీక్షించే ప్రశ్న ఉంది; ఊహించి రాయమనే మన ప్రశ్న అక్కడే సరిపోతుంది. ప్రదర్శనంలో గళ్ల చదరం, సంసర్గంలో రెండు చదరాల పోలిక, సాధారణీకరణంలో సున్నా చేర్చే నియమం, అన్వయంలో చీటీ. ఇదే పాఠాన్ని ఐదు దశల నమూనాలో పెట్టినా వరుస మారదు, శీర్షికలు మారతాయి. రెండు సంప్రదాయాలకూ నిజంగా తేడా పడే చోటు ఒక్కటే: నియమాన్ని ఎవరి నోటితో చెప్పించాలి? ఈ పాఠంలో అరవై గళ్లు లెక్కపెట్టిన పిల్లలు దాన్ని తామే చెప్పగలరు కనుక వాళ్లతో చెప్పించవచ్చు. దశాంశ బిందువును ఎక్కడ పెట్టాలన్నది ఒక ఒప్పందం. దాన్ని ఏ పిల్లవాడూ అన్వేషించి కనుక్కోలేడు, నేరుగా చెప్పాల్సిందే. అందువల్ల ఏ నమూనా మేలన్న ప్రశ్నను పాఠంలోని విషయం చూడకుండా తేల్చలేం.

## నలభై ఐదు నిమిషాలు, మధ్యలో ఒక మలుపు

పీరియడ్ 45 నిమిషాలనుకుందాం. హాజరు, కాగితాల పంపకం కలిపి ఐదు నిమిషాలు పోతాయి. ఊహించి రాయడానికి మూడు, గళ్లు నింపి జతగా మాట్లాడుకోవడానికి పన్నెండు, తరగతి మొత్తం చర్చకు పది. అప్పటికి అరగంట అయింది. ఇక మిగిలిన పదిహేనులో ఏడు నిమిషాలు అభ్యాసానికి, ఐదు చీటీకి ఇచ్చి, మూడు ఖాళీగా ఉంచాలి; ఏదో ఒక దశ సాగుతుంది, దాన్ని ఆ మూడూ మింగేస్తాయి. ప్రణాళికలో ఖాళీ లేకపోతే మొదట తెగేది చీటీయే, అప్పుడు పాఠం అయిందో లేదో ఎవరికీ తెలియదు.

చర్చ ముగిసిన చోట ఒక మలుపు రాసుకోవాలి. మనం "అర్థమైందా?" అని అడుగుతాం, తరగతి మొత్తం "అర్థమైంది సార్" అని రాగం తీస్తుంది. ఆ జవాబులో సమాచారం ఏమీ లేదు. దానికి బదులు నల్లబల్ల మీద చదరం లేకుండా 0.3, 0.28 అని రాసి, పెద్దదాన్ని అందరూ ఒకేసారి పలక మీదో, నోట్‌బుక్ వెనక అట్ట మీదో రాసి ఎత్తి చూపమంటే పది సెకన్లలో తరగతి పరిస్థితి కళ్ల ముందుంటుంది. నాలుగింట మూడొంతులకు పైగా సరిగ్గా ఉంటే అభ్యాసంలోకి వెళ్లవచ్చు. సగం మంది 0.28 ఎత్తితే అభ్యాసం ఆపి మళ్లీ చదరం దగ్గరికి రావాలి. ఈ రెండు దారులనూ ప్రణాళికలోనే రాసి ఉంచడం చాలా రికార్డులలో కనిపించదు. ఉన్నచోట పర్యవేక్షణకు వచ్చిన అధ్యాపకులు దాన్ని తప్పక గమనిస్తారు.

## చీటీలు చదవడం

పాఠం అయిపోయింది, 32 చీటీలు చేతిలో ఉన్నాయి. వీటికి మార్కులు వేసి సగటు తీయడం అలవాటుగా వచ్చే పని, కాని ఇక్కడ సగటు దేనికీ పనికిరాదు. వాటిని కుప్పలు వేయాలి. 17 మందికి మూడూ ఒప్పు, 8 మందికి మొదటి జత తప్పు, మూడో జతలో 0.50 పెద్దదన్నారు, 4 మందికి రెండో జత తప్పు, మూడో జతలో 0.5 పెద్దదన్నారు, మిగిలిన 3 చీటీలు ఏ తీరులోనూ లేవు అనుకుందాం.

మూడూ ఒప్పయిన 17 చీటీలలోనూ కారణం రాసిన గీతను చదవాలి. "0.6 అంటే ఆరు వరుసలు, 0.45కు నాలుగు వరుసలే నిండాయి" అని రాసిన పిల్లకు విషయం పట్టుబడింది. "సున్నా పెడితే 60 అవుతుంది" అన్న పిల్లవాడు నియమాన్ని పట్టుకున్నాడు, అది ఎందుకు చెల్లుతుందో అతడికి తెలుసో లేదో ఈ వాక్యం చెప్పదు. అతణ్ణి ఒక్క ప్రశ్న అడిగితే తెలుస్తుంది. "సార్ చెప్పారు" అని రాసిన చీటీ ఆ కుప్పలో ఉన్నా, దాన్ని పక్కకు తీయాలి.

8 మంది కుప్ప, 4 మంది కుప్ప రెండూ తప్పు కుప్పలే అయినా వాటికి మందు ఒకటి కాదు. మొదటివారికి పదో వంతు ఎంత పెద్దదో ఇంకా నమ్మకం కుదరలేదు; వాళ్లు మళ్లీ చదరం పట్టుకోవాలి, 0.6లో ఎన్ని వందో వంతులున్నాయో తమ వేలితో లెక్కపెట్టాలి. రెండోవారికి వందో వంతు చిన్నదని బాగా తెలుసు, వాళ్లకు 0.73 చదరం ఇచ్చి, అందులో పూర్తి వరుసలు ఎన్ని నిండాయని అడిగితే చాలు, ఏడు అని చెప్పగానే నాలుగుతో పోలిక వాళ్లకే తడుతుంది. ఈ ఇద్దరికీ కలిపి "మళ్లీ ఒకసారి వివరించడం జరిగింది" అని రికార్డులో రాస్తే మొదటివారికి అది చాలదు, రెండోవారికి అవసరం లేదు.

రికార్డు చివరి పేజీలో ఆత్మపరిశీలన అన్న గడి ఉంటుంది. "పాఠం విజయవంతంగా పూర్తయింది, విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు" అన్న వాక్యం అందులో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ వాక్యాన్ని పాఠానికి ముందు రోజే రాసిపెట్టవచ్చు, కాబట్టి అది పరిశీలన కాదు. 17, 8, 4, 3 అన్న నాలుగు సంఖ్యలు, వాటి పక్కన ఎవరెవరో పేర్లు, మలుపు ప్రశ్న దగ్గర ఏ దారి పట్టామన్న ఒక వాక్యం, ఏ దశకు అనుకున్న దానికన్నా ఎక్కువ సమయం పట్టిందన్న ఒక వాక్యం రాస్తే అర పేజీ కూడా నిండదు. ఆ అర పేజీ లేకుండా రెండో రోజు ప్రణాళిక రాయలేం.

ఆ అర పేజీ ఉంటే మాత్రం ఆ ప్రణాళిక చాలా తేలిగ్గా మొదలవుతుంది. రెండో రోజు పీరియడ్ పాఠ్యపుస్తకంలో తర్వాతి విషయమైన దశాంశ భిన్నాల కూడికే అయినా, మొదటి పది నిమిషాలు తరగతి మూడు గుంపులుగా కూర్చుంటుంది. ఎనిమిది మంది కిటికీ పక్కన చదరాలతో, నలుగురు బల్ల దగ్గర ఛాత్రోపాధ్యాయుడితో, మిగిలినవారు 0.3 కంటే పెద్దవి, 0.4 కంటే చిన్నవి అయిన సంఖ్యలు ఎన్ని రాయగలరో చూస్తూ. ఆ మూడో గుంపులో ఎవరో ఒకరు 0.35 రాస్తారు, పక్కవారు 0.31 నుంచి 0.39 దాకా తొమ్మిదీ రాస్తారు, ఇంకొకరు 0.355 రాయవచ్చా సార్ అని అడుగుతారు.